మీ బుకింగ్ స్లిప్పులు, ఆధార్ ఫొటోలు బయటికెళ్ళాయి: శ్రీకాకుళం లాడ్జి నుంచి బహిరంగ లేఖ

మా లాడ్జిలో దిగిన అతిథులకు, మాకు బుకింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ వారికి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అదే సాఫ్ట్‌వేర్ వాడుతున్న తోటి లాడ్జి యజమానులకు,

నమస్కారం. సుత్తి లేకుండా చెప్పేస్తాను. 2024 ఏప్రిల్ నుంచి 2026 జనవరి 28 వరకు మా దగ్గర గది తీసుకున్నవాళ్ళ బుకింగ్ స్లిప్పులు ఇంటర్నెట్‌లో తాళం లేకుండా ఉన్నాయి. కౌంటర్లో మేం ఫోన్‌తో తీసుకున్న మీ ఆధార్ ఫొటోలు కూడా వాటిలోనే ఉన్నాయి. వాటిలో 1,140 స్లిప్పుల్ని జనవరి 11 రాత్రి ఎవరో వరసపెట్టి తీసుకెళ్ళారు. అనుమానం కాదు, వెబ్‌సైటు తనంతట రాసుకునే లాగ్ చూసి లెక్కపెట్టి చెబుతున్న మాట. అంతకుముందు ఇంకెన్ని పోయాయో లెక్కపెట్టే దారి మా దగ్గర లేదు, ఎందుకు లేదో కింద చెబుతాను.

మాకు లాడ్జి అంటే శ్రీకాకుళంలో 22 గదులు, ఒక కౌంటర్, రాత్రి ఒకరు పగలు ఇద్దరు కుర్రాళ్ళు. వచ్చేవాళ్ళలో సగం మంది అరసవల్లి దర్శనానికో శ్రీకూర్మం వెళ్ళడానికో వచ్చేవాళ్ళు, మిగతావాళ్ళు ఆసుపత్రి పనులు, కోర్టు వాయిదాలు, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌లు. రథసప్తమి వారం తప్ప మాకు ముందస్తు బుకింగులు పెద్దగా ఉండవు. ఆ ఒక్క వారం కోసమే ఆ సాఫ్ట్‌వేర్ కొన్నాం అనుకోండి.

కంపెనీ పేరు, మా లాడ్జి పేరు ఇక్కడ రాయడం లేదు. భయపడి కాదు. మా ఫొటోలు మూసేశారు గానీ మిగతా లాడ్జీల ఫొటోలన్నీ మూశామని వాళ్ళు ఇంకా రాసివ్వలేదు. పేరు రాస్తే తలుపు తీసున్న ఇల్లు ఏ వీధిలో ఉందో దొంగకి చెప్పినట్టే. మా అతిథులకి మాత్రం మా పేరు, నా పేరు, సంతకంతో విడిగా కాగితం పంపుతున్నాం.

ఎలా తెలిసింది

జనవరి 19 సాయంత్రం పాలకొండ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. రథసప్తమికి రెండు రోజులు గది బుక్ చేసుకున్నారు, 1,500 అడ్వాన్సు కట్టారు, ఇంకా 2,700 కట్టాలి. "ఏటి బాబూ, మీ కుర్రోడు అడిగితే బాకీ కట్టీసినాం కదా, అందలేదని మళ్ళీ కట్టించినాడు, ఇప్పుడు మూడోసారి కట్టమంటన్నాడు, ఏటిది?" అన్నారు. మా కుర్రాళ్ళెవరూ ఆవిడకి ఫోన్ చేయలేదు.

ఫోన్ చేసినవాడు ఆవిడని పేరుతో పిలిచాడు. నలుగురు వస్తున్నారని, కింది అంతస్తు గది అడిగారని, 1,500 కట్టారని, 2,700 కట్టాలని అన్నీ చెప్పాడట. "రథసప్తమి రద్దీ, మిగతాది ఇప్పుడే కడితేనే గది ఉంటుంది" అని క్యూఆర్ కోడ్ పంపాడు. ఇన్ని వివరాలు సరిగ్గా చెప్పినవాడిని ఎవరైనా ఎందుకు అనుమానిస్తారు? ఆవిడ కట్టారు. డబ్బు అందలేదు, ఇంకోసారి కట్టండి, మొదటిది తిరిగొస్తుంది అన్నాడు. మళ్ళీ కట్టారు. మొత్తం 5,400 రూపాయలు. మాకు ఫోన్ చేసేసరికి రెండోసారి కట్టి ముప్పావు గంట అయింది, వెంటనే 1930కి ఫోన్ చేయించాం. రెండో 2,700 అవతలి ఖాతాలో ఆగింది, మొదటిది అప్పటికే వెళ్ళిపోయింది. ఆ మొదటిది మేం ఇచ్చేశాం. ఇది గొప్పకి చెప్పడం లేదు, అలాంటి ఫోన్ వచ్చి డబ్బు కట్టినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే అడగడానికి మొహమాటపడతారని చెబుతున్నాను.

ముందు నాకు కుర్రాళ్ళ మీదే అనుమానం వచ్చింది, ఒప్పుకుంటున్నాను, రాత్రి డ్యూటీ అబ్బాయిని ఫోన్ చూపించమని కూడా అడిగాను. తర్వాత క్షమించమన్నాను. అసలు సంగతి కనిపెట్టింది మా మేనల్లుడు, సంక్రాంతికి ఇంటికొచ్చి ఇంకా కాలేజీకి వెళ్ళలేదు. బుకింగ్ అయ్యాక మీకు వాట్సాప్‌లో ఒక లింకు వస్తుంది కదా, నొక్కితే స్లిప్పు తెరుచుకుంటుంది. ఆ లింకు చివర స్లిప్పు నంబరు ఉంటుంది:

```
/slip?id=39215
```

"మావయ్యా, ఆ చివరి 5 తీసి 6 పెట్టు" అన్నాడు. పెట్టాను. వేరేవాళ్ళ స్లిప్పు వచ్చింది. పేరు, ఫోన్, ఆధార్ ఫొటో. అదీ మా లాడ్జిది కాదు, విజయనగరంలోని ఇంకో లాడ్జిది. వెంటనే మూసేశాం, ఇంకొకటి తెరవలేదు. పాస్‌వర్డ్ అడగలేదు, ఓటీపీ అడగలేదు, అది నా స్లిప్పా కాదా అని కూడా అడగలేదు. ఎవరి చేతిలో ఒక్క లింకు ఉన్నా వాళ్ళ చేతిలో అందరి స్లిప్పులూ ఉన్నట్టే, ఒకటొకటిగా అంకె పెంచుకుంటూ పోతే చాలు. దీన్ని హ్యాకింగ్ అనడానికి కూడా నాకు మనసొప్పదు. మా లాడ్జిలో తాళాలు తగిలించే బోర్డు రోడ్డు మీద పెట్టి, ఏ గది తాళం కావాలో తీసుకోండి అన్నట్టుంది ఇది.

ఏం బయటపడింది, ఏం బయటపడలేదు

స్లిప్పులో ఉన్నవి ఇవి: మీ పేరు, ఫోన్ నంబరు, చిరునామా, మీతో వచ్చినవాళ్ళ పేర్లు వయసులు, వచ్చిన తేదీ వెళ్ళిన తేదీ, గది నంబరు, బండి నంబరు ఇచ్చి ఉంటే అది, ఎక్కడి నుంచి ఎందుకు వచ్చారన్న గడి, కట్టిన డబ్బు, కట్టాల్సిన డబ్బు, ఏ యూపీఐ ఐడీ నుంచి కట్టారో అది. మీరు వచ్చి దిగి ఉంటే ఆధార్ ముందు వెనక ఫొటోలు, కొందరివి డ్రైవింగ్ లైసెన్సు లేదా ఓటరు కార్డు. బుక్ చేసి రానివాళ్ళ ఫొటోలు లేవు, ఎందుకంటే ఫొటో కౌంటర్లోనే తీస్తాం.

లేనివి: ఏటీఎం కార్డు నంబర్లు, యూపీఐ పిన్, ఓటీపీలు, వేలిముద్రలు. ఇవేవీ మేం ఎప్పుడూ తీసుకోలేదు, కాబట్టి పోలేదు.

కంపెనీ వాళ్ళు మాకు ఒక నమూనా పంపారు, అతిథులకి ఇలా రాయండి అని. అందులో "పరిమిత సమాచారం" అని ఉంది. ఆధార్‌కి రెండు వైపులా ఫొటోలు, ఇంటి చిరునామా, ఏ రాత్రి ఎవరితో ఎక్కడ ఉన్నారన్న వివరం, ఇందులో పరిమితం ఏదో నాకర్థం కాలేదు. అన్నిట్లోకి నన్ను ఎక్కువ కలతపెట్టేది ఆధార్ కూడా కాదు, ఆ "ఎందుకు వచ్చారు, ఎవరితో వచ్చారు" గడులు. ఆసుపత్రికి వచ్చానని ఇంట్లో చెప్పనివాళ్ళుంటారు, ఆస్తి తగాదాకి లాయరుని కలవడానికి వచ్చినవాళ్ళుంటారు, పెద్దలకి చెప్పకుండా పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళు కూడా మా దగ్గర దిగారు. ఆధార్‌కి తాళం వేసుకునే దారి ఒకటుంది. వీటికి లేదు.

జనవరి 11 రాత్రి సంగతి ఎలా తెలిసింది

వెబ్‌సైటులో ఎవరు ఏ పేజీ ఎప్పుడు తెరిచారో రాసుకునే పట్టీని లాగ్ అంటారు. మూడుసార్లు ఉత్తరం రాస్తే కంపెనీవాళ్ళు ఫిబ్రవరి 2న మా లాడ్జి స్లిప్పుల వరకే తీసి పంపారు. అందులో జనవరి 11 రాత్రి పన్నెండు యాభై నుంచి తెల్లవారుజామున ఐదు ఇరవై దాకా ఒకే ఐపీ, అంటే ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామా నుంచి ఇలా ఉంది:

```
00:52:10  /slip?id=30114  200
00:52:24  /slip?id=30121  200
00:52:30  /slip?id=30124  200
```

చివరి 200 అంటే పేజీ అడిగారు, ఇచ్చేశాం అని. ఇక నంబర్లు చూడండి. 114 నుంచి 121కి ఏడు అంకెల తేడా, మధ్యలో పట్టిన కాలం 14 సెకన్లు. 121 నుంచి 124కి మూడు అంకెలు, ఆరు సెకన్లు. అంటే ఒక్కో నంబరుకి సరిగ్గా రెండు సెకన్లు. మనిషి కూర్చుని నొక్కితే ఇంత కొలిచినట్టు రాదు, ప్రోగ్రాం రాసి వదిలారు. రెండోది, మాకిచ్చిన పట్టీలో 115 నుంచి 120 దాకా లేవు, అవి మా స్లిప్పులు కావు గనుక. కానీ ఆ సెకన్లు మాత్రం ఖర్చయ్యాయి. అంటే మధ్యలో ఉన్న వేరే లాడ్జీల స్లిప్పుల్ని కూడా వాడు అడుగుతూనే పోయాడు. నాలుగున్నర గంటలకి, రెండు సెకన్లకి ఒకటి లెక్కన, ఎనిమిది వేల పైచిలుకు. మా 1,140 పోను మిగతా ఏడు వేలు ఎవరివి? ఈ ప్రశ్న మేం అడిగి రెండు వారాలైంది.

మా 1,140లో 870 స్లిప్పులకి ఐడీ ఫొటో ఉంది. ఫొటోలు కూడా దించుకున్నాడా, స్లిప్పుల్లో రాసినవి మాత్రమే తీసుకున్నాడా అన్నది ఆ పట్టీలో లేదు, ఫొటోల లాగ్ వేరేగా ఉంటుంది, అది ఇవ్వలేదు. స్లిప్పు దొరికినవాడికి ఫొటో ఎక్కడుందో కూడా దొరుకుతుంది కాబట్టి, పోయినట్టే అనుకుని జాగ్రత్తపడమంటున్నాను. ఆ 1,140 మంది 2025 ఆగస్టు రెండో వారం నుంచి జనవరి 11 లోపు బుక్ చేసుకున్నవాళ్ళు.

మరి అంతకుముందువాళ్ళు? వాళ్ళ స్లిప్పులు కూడా అలాగే తెరిచి ఉన్నాయి, కానీ కంపెనీ లాగ్ 30 రోజులకి మించి దాచడం లేదట. పాతది చెరిపేసి కొత్తది రాసుకుంటూ పోతుంది. కాబట్టి జనవరి 3కి ముందు ఎవరైనా వచ్చి తీసుకెళ్ళి ఉంటే ఆనవాలు లేదు. కంపెనీవారు "అంతకుముందు దుర్వినియోగం జరిగినట్టు ఆధారాలు లేవు" అని రాశారు. ఆధారాలు ఎందుకు లేవంటే మీరు చెరిపేశారు కాబట్టి.

బాగు చేశాం అన్నారు

జనవరి 20న కంపెనీకి రాశాను. 22న ఫిర్యాదు మూసేశారు, "మీ ఇంటర్నెట్ కనెక్షన్ చెక్ చేసుకోండి" అని. మళ్ళీ రాశాను, ఈసారి పాలకొండ ఆవిడ సంగతి కూడా. రథసప్తమి ముందురోజు, జనవరి 24న, సమస్య పరిష్కారమైంది అని మెసేజి. ఆ రెండు రోజులూ మాకు అన్నం తినే తీరిక లేదు. 26న మేమే రెండు ఉత్తుత్తి బుకింగులు చేసి చూశాం, ఎవరి స్లిప్పూ ముట్టుకోకుండా మా రెండింటితోనే. కొత్త లింకులు ఇలా వచ్చాయి:

```
39402  ->  /slip?id=Mzk0MDI=
39403  ->  /slip?id=Mzk0MDM=
```

చూడటానికి రహస్యంలా ఉంది. కాదు. బేస్64 అని ఒక రాత పద్ధతి, అంకెల్ని అక్షరాల్లోకి మార్చి రాస్తుంది, ఎవరైనా ఉచితంగా ఒక్క క్షణంలో మళ్ళీ అంకెల్లోకి మార్చుకోవచ్చు, తాళంచెవి ఏమీ అక్కర్లేదు. రెండు లింకుల్లో చివర I ఉన్నచోట M వచ్చింది, అంతే తేడా. ఒక స్లిప్పు లింకుతో ఇంకో స్లిప్పు ఇదివరకటిలాగే తెరుచుకుంది. తలుపుకి తాళం వేయమంటే తలుపుకి వేరే రంగు వేశారు. అసలు చేయాల్సిన పని ఒకటే, స్లిప్పు అడిగినవాడు ఆ స్లిప్పు మనిషేనా అని ప్రతిసారీ చూడాలి, బుకింగ్ చేసిన ఫోన్‌కి ఓటీపీ పంపైనా సరే. ఆ చూసే పని లేకుండా నంబరుని ఎంత వంకర తిప్పినా లాభం లేదు.

ఇది రాసి పంపితే జనవరి 28న స్లిప్పు పేజీనే తీసేశారు. ఇప్పుడు పాత లింకు నొక్కితే 404 వస్తుంది, పేజీ లేదని. హమ్మయ్య అనుకున్నాం, కానీ ఫొటో నేరుగా తెరిస్తే ఇంకా వస్తోంది! స్లిప్పు ఒకచోట, ఫొటో ఇంకోచోట ఉంటుందట, గోడకున్న ఫ్రేము తీశారు గానీ బొమ్మ అలాగే ఉంది. దానికి ఇంకో పన్నెండు రోజులు పట్టింది. మా అతిథుల ఫొటోలు ఫిబ్రవరి 9 నుంచి తెరుచుకోవడం లేదు, మా సొంత ఫొటోలతో రోజూ చూస్తున్నాం. జనవరి 28 నుంచే మేం పొడుగు రిజిస్టరులోకి, పెన్నులోకి వచ్చేశాం.

మా తప్పు ఏమిటో కూడా చెప్పాలి. ఆధార్ చూసి, పేరు సరిపోల్చుకుని తిరిగి ఇచ్చేయవచ్చు. ఫొటో తీసి దాచుకున్నది మేం. "తనిఖీకి వస్తే జిరాక్సు ఏదంటారు" అన్న భయంతో, ఒకప్పుడు జిరాక్సులు కట్టలు కట్టి బీరువాలో పెట్టేవాళ్ళం, తర్వాత ఫోన్‌తో ఫొటో తీసి సాఫ్ట్‌వేర్‌లో పడేశాం, ఇంకా సుఖంగా ఉందనుకున్నాం. బీరువాలోంచి ఎనిమిది వేల కాగితాలు ఒక్క రాత్రిలో ఎవడూ మోసుకెళ్ళలేడు. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, లైసెన్సు లేని హోటళ్ళు, సినిమా హాళ్ళు ఆధార్ కాపీలు తీసుకోకూడదు, దాచకూడదు అని ప్రకటన ఇచ్చింది. జనం తప్పుగా అర్థం చేసుకునే వీలుందని కేంద్రం రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ గొడవ పేపర్లో చదివి కూడా నేను ఏమీ మార్చలేదు.

మీకు ఏం జరగొచ్చు, ఏం చేయాలి

1. ఫోన్లు రావచ్చు. అన్నిటికంటే దగ్గరి ప్రమాదం ఇదే. మీ బుకింగ్ వివరాలు పొల్లుపోకుండా చెప్పి బాకీ అడగొచ్చు, లేదా అడ్వాన్సు తిరిగిస్తాం, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అనొచ్చు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచే పోతుంది. మేం ఇక ఫోన్‌లో బాకీ అడగం, వచ్చినప్పుడు కౌంటర్లో కట్టండి చాలు. ఎవరైనా అడిగి మీరు కట్టేసి ఉంటే ముందు 1930కి ఫోన్ చేయండి, తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు రాయండి, మాకు ఆ తర్వాత చెప్పినా ఫర్వాలేదు. పాలకొండ ఆవిడకి సగమైనా ఆగిందంటే ముప్పావు గంటలో ఫోన్ చేశాం కాబట్టే, తెల్లారాక చూద్దాంలే అనుకుంటే అదీ పోయేది. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి దూకుతూ పోతుంది, ఎంత త్వరగా చెబితే అంత దగ్గర్లో ఆగుతుంది.

2. ఆధార్ నంబరు తెలిసినంత మాత్రాన ఎవరూ మీ ఖాతాలోంచి డబ్బు తీయలేరు, దానికి మీ వేలిముద్ర గానీ ఓటీపీ గానీ కావాలి. అలాగని నిశ్చింతగా ఉండమనను. కార్డు ఫొటోతో మీ పేరున సిమ్ తీసుకోవడానికో, ఫోన్ యాప్‌లో అప్పు అడగడానికో ఎవరైనా ప్రయత్నించవచ్చు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో కనిపిస్తుంది, మీవి కానివి ఉంటే అక్కడే చెప్పొచ్చు. క్రెడిట్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది, మీరు తీసుకోని అప్పు మీ పేరున ఉందా అన్నది అందులో తెలుస్తుంది.

3. ఆధార్ సైటులో గానీ యాప్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు. వేస్తే మీ వేలిముద్ర, కనుపాప, ముఖం దేనితోనూ ఎవరూ ఆధార్ ధ్రువీకరణ చేయలేరు. కానీ, ఈ కానీ చాలా ముఖ్యం, మీరు కూడా చేయలేరు. ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు పింఛను తెచ్చి వేలిముద్ర అడిగితే పడదు, రేషన్ దుకాణంలోనూ పడదు. మా అతిథుల్లో పింఛను తీసుకునే పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. తాత్కాలికంగా తెరుచుకునే వీలుంది గానీ దానికి ఫోన్‌లో ఓటీపీ చూసి చేసే మనిషి పక్కన ఉండాలి. ఇంట్లో అలాంటివాళ్ళు లేకపోతే పెద్దవాళ్ళకి లాక్ వేయకండి, దొంగ సంగతి అలా ఉంచి పింఛను ఆగిపోయి మీరే ఇబ్బంది పడతారు.

4. మీతో వచ్చినవాళ్ళకి ఈ సంగతి మీరే చెప్పండి. వాళ్ళ ఫోన్ నంబర్లు మా దగ్గర లేవు, పేర్లే ఉన్నాయి. ఈ వివరాలతో ఎవరైనా మిమ్మల్ని బెదిరిస్తే, డబ్బిస్తే ఆగుతారనుకోకండి, 1930కే చెప్పండి. మా స్లిప్పు వల్లే జరిగిందని మేం రాసిస్తాం.

కంపెనీ వారికి

పేరు రాయలేదు గానీ ఇది మీకే అని మీకు తెలుసు. ఉత్తరాలు రాసి రాసి అలిసిపోయాకే అందరి ముందూ అడుగుతున్నాను.

1. మీ సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి లాడ్జికీ, పేరు పేరునా, వాళ్ళ స్లిప్పులు ఎన్ని జనవరి 11న పోయాయో రాసి పంపండి. మాకు అడిగితే ఇచ్చారు. మిగతావాళ్ళకి అడగాలన్న సంగతే తెలియదు కదా.

2. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, ఇలాంటిది తెలిసిన ఆరు గంటల్లో వాళ్ళకి చెప్పాలి. మీరు 30 రోజులే దాచారు. వాళ్ళకి చెప్పారా? చెప్పి ఉంటే ఆ రసీదు కాపీ మాకు ఇవ్వండి. మేం మాత్రం మాకు తెలిసినదంతా వాళ్ళకి మెయిల్ చేశాం, ఆలస్యంగానే, ఆరు గంటల సంగతి మాకు అప్పటికి తెలియదు.

3. గది ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళ ఐడీ ఫొటోలన్నీ తీసేయండి, బ్యాకప్‌లతో సహా, తీసేశామని తేదీ వేసి రాసివ్వండి. బ్యాకప్‌లో 90 రోజులుంటాయి అంటే 90 రోజులని రాయండి, మేం ఆగుతాం. "మా విధానాల ప్రకారం" అని మాత్రం రాయొద్దు.

4. ఫొటోల లాగ్ ఇవ్వండి. 870 మందికి మీ ఆధార్ పోయిందో లేదో చెప్పగలిగేది అదొక్కటే. ఆ 30 రోజుల లెక్కన అది కూడా ఈ నెల 10కే చెరిగిపోయిందేమో అని నాకు టెన్షన్‌గా ఉంది. జనవరి 11 నాటిది ఇప్పటికే చెరిగిపోయి ఉంటే ఆ మాటైనా ఒప్పుకోండి.

మీ లాయరు గారు ఫోన్ చేసి, అతిథులకి తెలియజేయాలన్న నియమం ఇంకా అమల్లోకి రాలేదు, తొందరపడొద్దన్నారు. ఆయన చెప్పింది నిజమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో రూల్స్ వచ్చాయి, లీకయితే ఆలస్యం చేయకుండా ఆ మనుషులకి చెప్పాలన్నది వాటిలో ఉంది, అమలుకి 18 నెలల గడువిచ్చారు. అయితే ఏం? వచ్చే ఏడాది చెప్పాలి కాబట్టి ఈ ఏడాది పాలకొండ ఆవిడకి చెప్పకూడదా?

తోటి యజమానులకి

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరంలో ఒక్క గది దొరకదు, అప్పుడు మీరు పంపిన స్లిప్పులు కూడా ఈ నంబర్లలోనే ఉండి ఉంటాయి. మీ సాఫ్ట్‌వేర్ ఇదే కాకపోయినా ఒకసారి చూడండి, అయిదు నిమిషాల పని. మీ పేరున రెండు ఉత్తుత్తి బుకింగులు చేయండి. ఒక స్లిప్పు లింకుని, లాగిన్ అవని వేరే ఫోన్‌లో, వైఫై లేకుండా తెరవండి. ఏమీ అడగకుండా తెరుచుకుంటే, అందులో మొదటి స్లిప్పు నంబరు తీసి మీ రెండో స్లిప్పు నంబరు పెట్టండి. అది కూడా తెరుచుకుంటే మీ అతిథులవీ మాలాగే ఉన్నట్టు. అతిథుల స్లిప్పులు మాత్రం తెరిచి చూడకండి, అది మనం చేసినా తప్పే.

ఆధార్ ఫొటో తీయడం మేం మానేశాం. కార్డు చూస్తాం, పేరు సరిపోల్చుకుంటాం, రిజిస్టరులో "ఆధార్, చివరి నాలుగంకెలు" అని రాసుకుని తిరిగి ఇచ్చేస్తాం. మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ తెచ్చినా సరే. రథసప్తమి తర్వాత ఒకసారి తనిఖీ జరిగింది, జిరాక్సులు ఎందుకు లేవని అడిగారు, ఈ కథంతా చెప్పాను, విన్నారు. నోటిమాటతో వదిలేశారు గానీ రేపు వచ్చేది ఇంకొకరు. కాబట్టి అధికారులకి నా మనవి ఒకటే: కార్డు చూసి రిజిస్టరులో రాసుకుంటే చాలు, కాపీ అక్కర్లేదు అని లాడ్జీలకి ఒక కాగితం మీద రాసివ్వండి. అది లేనంతకాలం భయపడి ఫొటోలు తీసేవాళ్ళు తీస్తూనే ఉంటారు.

అతిథులకి చివరగా. ఆ 1,140 మందికి ముందు, మిగతావాళ్ళకి తర్వాత, పోస్టులో కాగితం వస్తుంది. మెసేజి పంపొచ్చు గానీ ఇప్పుడు మా పేరుతో వచ్చే మెసేజిని మీరు నమ్మకపోవడమే మంచిది. ఆ కాగితంలో లింకు గానీ క్యూఆర్ గానీ ఉండదు, ఉంటే అది మాది కాదు. చిరునామా మారినవాళ్ళు, కాగితం అందనివాళ్ళు కౌంటర్‌కి వచ్చి అడిగితే మీ స్లిప్పులో ఏమేం ఉందో ప్రింటు తీసి చేతికిస్తాం, ఆ తర్వాత మా దగ్గరున్న ఫొటో మీ కళ్ళ ముందే తీసేస్తాం. పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా నేనే ఉంటాను.

ఇట్లు,
ఆ 22 గదుల లాడ్జి యజమాని
శ్రీకాకుళం, 2026 ఫిబ్రవరి 16